మా ఆయన కూతురు నాతో మాట్లాడడం మానేసింది

అడిగింది: పెళ్ళయి 8 నెలలు. మా ఆయనకి ఇది రెండో పెళ్ళి, నాకు మొదటిది. ఆయనకి 9 ఏళ్ళ కూతురుంది. మా దగ్గరే ఉంటుంది, రెండు వారాలకోసారి శని, ఆదివారాలు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుంది. పెళ్ళికి ముందు నాతో ఎంత బాగుండేదో! ఇప్పుడు హోంవర్క్ చేశావా అంటే చాలు, ముఖం తిప్పేసుకుంటోంది. పోయిన వారం "నువ్వు మా అమ్మవి కాదు, నాకు చెప్పకు" అనేసింది. ఆయనేమో ఓపిక పట్టు, అదే సర్దుకుంటుంది అంటారు. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

మీరు రాసిందాంట్లో నన్ను ఆపింది పాప అన్న మాట కాదు, దానికి ముందున్న హోంవర్క్. అక్కడికి కాసేపట్లో వస్తాను.

నేను కుటుంబాలకి కౌన్సెలింగ్ చేయబట్టి 17 ఏళ్ళయింది. అంతకు 3 ఏళ్ళ ముందే, 8 ఏళ్ళ బాబున్న ఇంట్లోకి పిన్నిగా అడుగుపెట్టాను. కాబట్టి ఇక్కడ చెప్పేదాంట్లో సగం చదువుకుని తెలుసుకున్నది, సగం దెబ్బ తిని తెలుసుకున్నది. ఏది ఏదో మీకే అర్థమవుతుంది.

పెళ్ళికి ముందు బాగుండేది కదా, ఇప్పుడేమైందని మీ బాధ. అప్పుడు మీరు నాన్నతో పాటు అప్పుడప్పుడు కనిపించే ఆంటీ. వస్తారు, ఆడిస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. మీతో నవ్వినందుకు పాపకి పోయేదేమీ లేదు. పెళ్ళితో మాత్రం చాలా పోయింది. అమ్మానాన్న మళ్ళీ కలుస్తారేమోనన్న ఆశ పోయింది. వాళ్ళు విడిపోయి ఎన్నేళ్ళయినా, ఒకరి పేరు ఒకరు ఎత్తకపోయినా సరే, పిల్లల మనసులో ఓ మూల ఆ ఆశ ఉంటుంది, పైకి చెప్పరు అంతే. ఆ తర్వాత నాన్న. విడాకులయ్యాక నాన్న, కూతురు ఇద్దరే ఉన్న ఇంట్లో పాప దాదాపు ఇంటి పెద్దల్లో ఒకరైపోతుంది. ఏ సినిమాకి వెళ్దాం, సోఫా ఎటువైపు జరుపుదాం అని నాన్న తననే అడుగుతాడు. ఇప్పుడా మాటలన్నీ తలుపు వేసి ఉన్న గదిలో మీతో జరుగుతున్నాయి. తన ఇంట్లో తనకి తెలియకుండా పనులు జరగడం 9 ఏళ్ళ పిల్లకి ఎంత అవమానమో పెద్దవాళ్ళకి తట్టదు.

వీటన్నిటికన్నా బలమైనది ఇంకొకటుంది, అది కంటికి కనిపించదు. మీరంటే ఇష్టపడితే అమ్మకి ద్రోహం చేసినట్టు పాపకి అనిపించడం. మా వృత్తిలో దీన్ని లాయల్టీ కాన్‌ఫ్లిక్ట్ అంటాం. వాళ్ళమ్మ మీ గురించి చెడ్డగా ఒక్క మాట అనకపోయినా ఇది ఉంటుంది. కనిపెట్టడానికి ఒక గుర్తు చెప్తాను. ఓ రోజు మీరిద్దరూ చాలా సరదాగా గడుపుతారు, పాప మీ భుజం మీద వాలి నవ్వుతుంది. మర్నాడు పొద్దున మాత్రం ముందెన్నడూ లేనంత విసురుగా ఉంటుంది. దాన్ని చూసి "నిన్న అంత చేస్తే ఇదా?" అని మన మనసు కష్టపెట్టుకుంటాం. నిజానికి ఆ విసురు నిన్నటి చనువుకి పాప తనకి తాను వేసుకున్న శిక్ష. మీకు దగ్గరైనంత దూరం వెనక్కి నడిచి అమ్మతో లెక్క సరిచేసుకుంటోందన్నమాట. మీ ఇంట్లో ఇలా సరదా రోజు వెనకాల మొండి రోజు వస్తోందేమో గమనించండి. వస్తుంటే పాపకి మీరంటే గిట్టక కాదు, కాస్త ఇష్టం మొదలై దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఇప్పుడు హోంవర్క్.

లారెన్స్ గనాంగ్, మారిలిన్ కోల్మన్ అని అమెరికాలో ఇద్దరు పరిశోధకులు సవతి తల్లిదండ్రులు పిల్లలకి దగ్గరవడానికి ఏమేం చేస్తారో పరిశీలించి 1999లో ప్రచురించారు. వాళ్ళకి మూడు రకాల మనుషులు కనిపించారు. పిల్లల ఇష్టం కోసం పెద్దగా ప్రయత్నం చేయనివాళ్ళు మొదటి రకం. రెండో రకం వాళ్ళు పెళ్ళికి ముందు బాగా ప్రయత్నించి, అంతా ఒకే ఇంట్లోకి వచ్చాక ఆపేసినవాళ్ళు. ఇక మూడో రకం వాళ్ళు తర్వాత కూడా ఆపకుండా కొనసాగించారు. పిల్లలతో గట్టి బంధం కుదిరింది ఎక్కువగా ఈ మూడో రకానికే. రెండో రకం వాళ్ళు ఎందుకు ఆపేశారంటే చెడ్డవాళ్ళై కాదు. ఇంట్లోకి రాగానే "ఇప్పుడు నేను అమ్మని కదా, నాన్నని కదా, బాధ్యత తీసుకోవాలి" అనుకుని ఆటలు ఆపి అదుపు మొదలుపెట్టారు. ఏమనుకోకండి, మీరు రాసిన నాలుగు వాక్యాల్లో నాకు ఆ రెండో రకమే కనిపిస్తోంది. ఆడించే ఆంటీ పెళ్ళి మర్నాటి నుంచి పుస్తకాల సంచీ తనిఖీ చేసే మనిషి అయిపోయింది. పాప వైపు నుంచి చూస్తే తనని మోసం చేశారు.

నేనూ చేశాను ఇదే. ఇంకా ఘోరంగా చేశాను.

నేను వెళ్ళిన మొదటి నెలలోనే బాబు గది సర్దాను. ఎవరూ అడగలేదు, మంచి చేస్తున్నానన్న ఉత్సాహం. అలమారా అడుగున అంచులు చిరిగి, మధ్యలో చిల్లు పడిన పాత దుప్పటి ఒకటుంటే పారేసి, కొత్తది మడత పెట్టి ఉంచాను. బాబు స్కూలు నుంచి వచ్చి అలమారా తెరిచి చూసి ఏమీ అనలేదు. ఏడవలేదు కూడా. అది వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు తను చుట్టుకుని వచ్చిన దుప్పటని మా ఆయన ద్వారా రెండు వారాల తర్వాత తెలిసింది. ఆ తర్వాత దాదాపు 5 నెలలు బాబు నాతో అవును, కాదు తప్ప మూడో మాట మాట్లాడలేదు. తన గది తలుపు దగ్గర కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేవాడు. నేను మాత్రం ఆ 5 నెలలూ ఏం చేశానంటే, వాడి పెంకితనం తగ్గించాలని రోజూ నోట్‌బుక్కులు చూడడం, గోళ్ళు కత్తిరించుకోలేదని, చెప్పులు వరసగా పెట్టలేదని చెప్పడం. ప్రతి మాటా సరైనదే. చెప్పే హక్కు మాత్రం నాకింకా రాలేదు.

ఇక్కడే అసలు సంగతుంది. కన్నవాళ్ళు "టీవీ ఆపు" అంటే పిల్లలు విసుక్కుంటారు, కానీ ఆ మాట కింద ఎన్నో ఏళ్ళ ప్రేమ పరిచి ఉంది, కాబట్టి మాట ఎంత గరుకుగా ఉన్నా నిలబడుతుంది. మన మాట కింద ఏమీ లేదు. అదే మాట, అదే గొంతు, కానీ పాప చెవికి పరాయివాళ్ళ పెత్తనంలా వినిపిస్తుంది. జేమ్స్ బ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశాడు. ఆయన చెప్పింది కూడా ఇదే: మొదటి రెండేళ్ళు గందరగోళంగానే ఉంటాయి, ఆ కాలంలో కొత్తగా వచ్చిన మనిషి అమ్మలాగో నాన్నలాగో కాకుండా స్నేహంగా ఉండే ఓ పెద్దమనిషిలా మొదలుపెడితేనే తర్వాత పెంపకంలో చోటు దొరుకుతుంది. మీకింకా 8 నెలలే. మీరు వెనకబడిపోలేదు, తొందరపడ్డారు.

అయితే మీరు తప్పుకుంటే మరి హోంవర్క్ ఎవరు చూడాలి? ఆయన. "ఓపిక పట్టు" అనే మాట నాకు నచ్చదు. అదెంత మెత్తగా అన్నా, పని మొత్తం మీ మీద వేసి తను పక్కకి జరగడమే. పాప ఆయన కూతురు, విడాకులు ఆయనవి, ఈ పెళ్ళి ఆయన తీసుకున్న నిర్ణయం. ఓపిక మీరు పడతారు సరే, ఆయన చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి.

ముందు మీరిద్దరూ పాప నిద్రపోయాక కూర్చుని ఇంట్లో రూల్స్ ఏమిటో మాట్లాడుకోండి. నాలుగైదు చాలు. పడుకునే టైం, ఫోను, హోంవర్క్, స్నానం, ఒకరితో ఒకరు మాట్లాడే తీరు. ఇక్కడ మీ అభిప్రాయం గట్టిగా చెప్పండి, ఆయనతో వాదించండి, అది మీ ఇల్లు కూడా. అయితే చివరి మాట ఆయనది కావాలి, పాపకి చెప్పేది ఆయన కావాలి, మీరు పక్కన లేనప్పుడు చెబితే ఇంకా మంచిది. "పిన్నీ నేనూ అనుకున్నాం" అని కాదు, "నేను పెట్టాను" అని. పాత రూల్స్ అన్నీ ఒక్కసారి మార్చకండి, ఒకటో రెండో మార్చండి. పిన్ని వచ్చాకే ఫోను పోయింది, పిన్ని వచ్చాకే తొమ్మిదింటికి పడుకోవాల్సి వచ్చింది అని పాప లెక్కపెడుతుంది, పిల్లలు ఇలాంటి లెక్కలు అస్సలు మర్చిపోరు.

తర్వాత ఆయన లేని వేళల సంగతి. ఆయన ఇంటికొచ్చేది ఏ ఏడింటికో అయితే నాలుగు నుంచి ఏడు దాకా ఇంట్లో మీరే పెద్ద. పాప ముందే ఆయన ఓ మాట చెప్పాలి: "నేను ఇంట్లో లేనప్పుడు పిన్ని చెబితే నేను చెప్పినట్టే. రూలు నాది, గుర్తుచేసేది పిన్ని." ఇక అప్పుడు మీరనాల్సింది "హోంవర్క్ చేశావా?" అని కాదు. "ఆరింటికి పుస్తకాలు తీయాలని నాన్న చెప్పారు, ఆరయింది" అంటే చాలు. చేస్తే సరే. చేయకపోతే గొంతు పెంచకండి, ఫోను లాక్కోకండి, రెండోసారి చెప్పి వదిలేయండి. "సరే, చేయలేదని నాన్నకి చెప్తాను, మీరిద్దరూ చూసుకోండి" అని మీ పనిలోకి వెళ్ళిపోండి. సాయంత్రం ఆయనకి ఆ విషయం వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పండి, కన్నీళ్ళు, "నీ కూతురు" అనే మాటలు లేకుండా. ఆయన బట్టలు మార్చుకునేలోపు కాకుండా, అలాగని మర్నాటికీ వాయిదా వేయకుండా, ఆ రాత్రే పాపతో మాట్లాడాలి. ఆయన గనక మీరు చెప్పిందాన్ని "పోనీలే, చిన్నపిల్ల" అని పాప ముందు కొట్టేస్తే మొత్తం కూలిపోతుంది. ఆయనకి మీ పద్ధతి నచ్చకపోతే ఆ గొడవ గదిలో పెట్టుకోండి.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. మీ మీద పాప ఏదైనా విసిరినా, మీ వస్తువులు పాడుచేసినా, బూతుమాట అన్నా దానికి ఆయన కోసం ఆగక్కర్లేదు. "నాతో అలా మాట్లాడొద్దు" అని ఎవరైనా ఎవరికైనా చెప్పొచ్చు, దానికి అమ్మ కానక్కర్లేదు. పెంచే పని ఆయనకి వదలమన్నాను గానీ మీరు తలుపు దగ్గర కాలు తుడుచుకునే పట్టా అవ్వమనలేదు.

"నువ్వు మా అమ్మవి కాదు" అన్నప్పుడు మీరు ఏమన్నారో రాయలేదు. మళ్ళీ అంటుంది, అందుకని జవాబు ముందే సిద్ధంగా పెట్టుకోండి. నేను మొదటిసారి విన్నప్పుడు "అమ్మ కన్నా ఎక్కువే చూసుకుంటున్నా" అన్నాను, అంతకన్నా చెత్త జవాబు ఉండదు, ఎందుకంటే వాడు భయపడేది సరిగ్గా దానికే. అనాల్సింది చిన్నది: "నిజమే. మీ అమ్మ మీ అమ్మే, నేను ఆ చోటులోకి రావాలనుకోవట్లేదు. తొమ్మిదయింది, నాన్న చెప్పిన టైం." మొదటి సగంలో పాప చెప్పింది ఒప్పుకున్నారు, రెండో సగంలో రూలు ఎక్కడికీ పోలేదు. కోపం లేకుండా అనగలిగితే ఆ మాటకి పదును పోతుంది, కొన్నాళ్ళకి పాపే అనడం మానేస్తుంది. పిలుపు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బంధువులెవరైనా "అమ్మా అని పిలువు" అని పాపని ఒత్తిడి చేస్తుంటే ఆ నోళ్ళు మీరే మూయించండి, పాప వినేలా. ఆంటీ, పిన్ని, చివరికి పేరే పెట్టి పిలిచినా సరే, ఆ నిర్ణయం తనదే. మా వాడు రెండేళ్ళు నన్ను ఏమీ పిలవలేదు, "ఇదిగో" అనేవాడు.

నేను చెప్పబోయే తర్వాతి పని మీకు కాస్త గుచ్చుకుంటుంది. వారానికి కనీసం ఓ రెండు గంటలు తండ్రీ కూతుళ్ళని మీరు లేకుండా వదలండి. మనమంతా ఒక కుటుంబమని ముగ్గురూ కలిసి తిరిగితే బంధం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. మొదటి ఏడాదిలో ముగ్గురూ కలిసిన ప్రతి చోటా ఎవరో ఒకరు బయటివాళ్ళవుతారు. భార్యాభర్తలు మాట్లాడుకుంటుంటే పాప, తండ్రీ కూతుళ్ళు పాత జ్ఞాపకాలు చెప్పుకుంటుంటే మీరు. కుటుంబం మొత్తాన్ని ఒకేసారి అతికించడం కాకుండా జంటలు జంటలుగా కుట్టుకు రావాలి. నాన్నా పాపా ఒక జంట, మీరూ ఆయనా ఒకటి, మీరూ పాపా ఇంకొకటి. వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముందు. మీరొచ్చినా నాన్న ఎక్కడికీ పోలేదని పాప ఒంటికి తెలియాలి. అది తెలిసేదాకా మీరేం చేసినా లంచంలాగే కనిపిస్తుంది. ఆ రెండు గంటలు ముందే అనుకున్న రోజున, అనుకున్న టైంకి జరగాలి, బుద్ధిగా ఉంటే ఇచ్చే బహుమతిలా కాదు. పాప ఆ వారం ఎంత అల్లరి చేసినా రద్దవ్వకూడదు. ఇంకొకటి, ఆ టైంలో ఆయన మీ గురించి నచ్చచెప్పే ఉపన్యాసాలు ఇవ్వకూడదు.

మీరూ పాపా అనే జంట మాత్రం నెమ్మదిగా, చిన్న కొలతలో. ఇందాక చెప్పిన 1999 పరిశోధనలోనే బాగా పనిచేసినవి చూస్తే, ఇద్దరే కలిసి చేసినవి, అదీ పిల్లలు ఎంచుకున్నవి. మనకి ఇష్టమైనది నేర్పిద్దామని వెళ్తే అది ఇంకో క్లాసు అవుతుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించే ప్రయత్నం వద్దు, కళ్ళలోకి చూడాల్సి రావడం పిల్లలకి విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఉండి చేతులకి పని ఉన్నది మంచిది. బొమ్మలకి రంగులు వేయడం, బండి మీద వెళ్ళడం, ముక్కలు పేర్చే బొమ్మ, ఏదైనా. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. పాప ఉత్సాహంగా ఉన్నప్పుడే ఆపేయాలి, విసుగొచ్చేదాకా లాగకూడదు. వద్దంటే "సరే" అని నిజంగానే వదిలేయాలి, మొహం చిన్నబుచ్చుకుంటే తర్వాతి సారి మీ మొహం కోసం ఒప్పుకుంటుంది, అది నమ్మకం కాదు.

మా ఇంట్లో ఎలా మారిందో చెప్తాను. ఆరో నెలలో మా ఆయన, నేను కూర్చుని పనులు విడగొట్టుకున్నాం. నోట్‌బుక్కులు, గోళ్ళు, చెప్పులు, అన్నీ ఆయనకి వెళ్ళిపోయాయి. నేను చేసిన మొదటి పని బాబు దగ్గరికెళ్ళి దుప్పటి గురించి క్షమించమనడం. "అది నీదని తెలియక పారేశాను, అడగకుండా ముట్టుకోవడం నా తప్పు. ఇకనుంచి నువ్వు పిలిస్తే తప్ప నీ గదిలోకి రాను." అంతే, సంజాయిషీ లేదు. వాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. నేను మాట మీద నిలబడ్డాను, ఉతికిన బట్టలు గది బయట స్టూలు మీద పెట్టేదాన్ని, లోపల ఎంత చిందరవందరగా ఉన్నా గడప దాటలేదు. వాడు మూడుసార్లు పరీక్షించాడు, నాకు తెలుసు. తలుపు బార్లా తెరిచి పెట్టి, మంచం మీద నాకు నచ్చనివి కుప్పపోసి, నేను వెళ్తానేమోనని హాల్లోంచి చూసేవాడు. ఆ తర్వాత సాయంత్రాలు హాల్లో నేల మీద పెద్ద ముక్కల బొమ్మ పరిచి నా పాటికి నేను పేర్చుకునేదాన్ని, రమ్మనేదాన్ని కాదు. తొమ్మిది రోజులు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. పదో రోజున నిలబడి "ఆ ముక్క అక్కడిది కాదు" అన్నాడు. నిజంగానే అక్కడిది కాదు. తీసి వాడి చేతికిచ్చాను. ఆ బొమ్మ పూర్తవడానికి నెలన్నర పట్టింది, అప్పటికి మా మధ్య ఇంకేం మాటలు లేవు, "అంచులు ముందు చెయ్", "నీలం ముక్క చూశావా" ఇవే. కుర్చీ అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మానేశాడో నేను గమనించనేలేదు, మా ఆయన చెబితే తెలిసింది.

క్షమాపణ కన్నా అందులో పనిచేసింది ఆ గడప అనుకుంటాను. పిల్లల జీవితంలో విడాకులంటే వాళ్ళని అడక్కుండా జరిగిన పెద్ద మార్పు. ఆ తర్వాత వాళ్ళు వెతికేది ప్రేమ కన్నా ముందు, ఈ మనిషి అన్న మాట మీద ఉంటుందా లేదా అన్నది. అందుకే పెద్ద పెద్ద వాగ్దానాలు వద్దు. శనివారం తీసుకెళ్తానని చెప్పి పని పడిందని ఆపేస్తే మామూలు పిల్లలు గంట ఏడుస్తారు, ఈ పిల్లలు రాసిపెట్టుకుంటారు. తప్పకుండా చేయగలిగిన చిన్నవే చెప్పండి.

వాళ్ళమ్మ గురించి. పాప అక్కణ్ణుంచి ఆదివారం సాయంత్రం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మీరు రాయలేదు, బహుశా ఆ సాయంత్రాలే మీకు అన్నిటికన్నా కష్టంగా ఉండొచ్చు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారడం పిల్లలకి ప్రతిసారీ ఒక చిన్న విడిపోవడమే. చిరాకు, మౌనం, చిన్నదానికే ఏడుపు రావడం మామూలు. చాలామంది దీన్ని చూసి "వాళ్ళమ్మ ఏదో నూరిపోసి పంపింది" అనుకుంటారు. కొన్నిసార్లు నిజం కావచ్చు గానీ ఎక్కువసార్లు అది అమ్మని వదిలొచ్చిన బెంగే. ఆ సాయంత్రం ప్రశ్నలేమీ వద్దు. ఏం చేశారు, ఎక్కడికెళ్ళారు, అమ్మ ఏమంది, ఏదీ వద్దు. కులాసాగా అడిగినా సరే, పాపకి అది రెండు ఇళ్ళ మధ్య గూఢచారి పనిలా ఉంటుంది. తనంతట తను చెబితే వినండి, "బాగుందే" అనండి, పోలికలు వద్దు. ఫీజు, సెలవులు, బట్టలు ఏ కబురైనా పాప నోటితో పంపకండి, మీ ఆయనే నేరుగా వాళ్ళమ్మతో మాట్లాడుకోవాలి. అమ్మ ఫొటో పాప గదిలో ఉంటే ఉండనివ్వండి, లేకపోతే పెట్టుకోవచ్చని ఆయన చేత చెప్పించండి. ఇంకో మేలు జరిగే అవకాశం ఉంది, అది మీ చేతుల్లో లేదు: వాళ్ళమ్మే పాపతో "ఆవిడతో నువ్వు బాగుంటే నాకేం కష్టంగా ఉండదు" అనడం. ఆ ఒక్క మాట మనం ఏడాది కష్టపడినా రానిది తెచ్చిపెడుతుంది. మీ ఆయనకి ఆవిడతో మర్యాదగా మాట్లాడే పాటి చనువుంటే అడిగి చూడమనండి. అనకపోతే బలవంతం లేదు.

నమ్మకం వస్తోందని ఎలా తెలుస్తుంది? వచ్చి కౌగిలించుకుంటుందని చూడకండి, అది చాలా ఆలస్యంగా వస్తుంది, కొన్నిళ్ళలో రాదు. ముందు వచ్చేవి చాలా చిన్నవి. కత్తెర ఎక్కడుందని నాన్నని కాకుండా మిమ్మల్ని అడుగుతుంది. మీ మొహం వంక చూసి భయపడకుండా అమ్మ మాట మామూలుగా ఎత్తుతుంది. స్నేహితురాలి మీద చాడీ చెబుతుంది. ఇంకొకటి వింటే నవ్వొస్తుంది, మీ మీద బాహాటంగా అలిగి, ఓ గంటలో మర్చిపోయి వచ్చేస్తుంది. నమ్మకం లేనివాళ్ళ మీద పిల్లలు అలగరు, జాగ్రత్తగా, మర్యాదగా ఉంటారు. అతి మర్యాదగా ఉన్న పిల్లని చూసి "మా ఇంట్లో ఏ సమస్యా లేదు" అనేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. ఆ లెక్కన మీ పాప మీ మొహం మీదే అనేసింది కదా, అది కాస్త నయం.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పాప ఒకటి రెండు వారాలకి మించి సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, స్కూల్లో ఉన్నట్టుండి బాగా వెనకబడినా, తనని తాను గాయపరుచుకుంటున్నా, చచ్చిపోతాననే మాటలు వస్తున్నా అది పిన్నితో పడకపోవడం కాదు. పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళాలి, తండ్రే తీసుకెళ్ళాలి. చివరి రెండు కనబడితే రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగొద్దు. అలాగే వయసు. 9 ఏళ్ళంటే ముందు ఇంకా కష్టకాలం ఉంది, పదకొండు పన్నెండు దగ్గర మళ్ళీ తలుపులు దభాలున మూసుకుంటాయి, అప్పుడు ఇదంతా వృథా అయిందని అనుకోకండి. ఆ వయసులో సొంత తల్లులకీ అదే దక్కుతుంది.

మీ గురించి కూడా ఒకటి. పాప మీద మీకింకా ప్రేమ రాకపోతే దాన్ని దాచుకుని లోలోపల కుమిలిపోకండి. నాకూ రాలేదు చాలా కాలం. న్యాయంగా, మెత్తగా ఉండడానికి ప్రేమ పుట్టేదాకా ఆగక్కర్లేదు. ఈ బాధ చెప్పుకోవడానికి మీ ఆయన కాకుండా ఇంకో మనిషిని చూసుకోండి, ప్రతి రాత్రీ కూతురి మీద ఫిర్యాదు వింటే ఏ తండ్రైనా ఇద్దరిలో ఒకరి పక్క చేరతాడు, చేరేది మీ పక్క కాకపోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే ఈ రాత్రి ఆయనతో రూల్స్ మాట్లాడడం దగ్గర. తర్వాత పాపతో ఒక్కసారి, పొడుగ్గా కాకుండా, "కొన్నాళ్ళుగా నీ హోంవర్క్ వెనకాల నేనే పడుతున్నాను. ఇకనుంచి అది నాన్న చూసుకుంటారు" అని చెప్పేయండి. పాప నమ్మదు. ఓ వారం, పది రోజులు కావాలని పుస్తకాలు హాల్లో మీ కళ్ళ ముందే పడేసి తిరుగుతుంది, మీరేమంటారో చూద్దామని. వాటిని దాటుకుని వెళ్ళిపోండి.